తరఫున

సెప్టెంబరు 5 దగ్గరపడితే బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం బడుల్లో క్లాస్ లీడర్ల చేతికి ఒక పని వస్తుంది. తరగతి మొత్తానికీ ఒక్కరే నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటల్లో ఏది ఉన్నా లేకపోయినా ఒకటి మాత్రం తప్పకుండా ఉంటుంది: ‘మా తరగతి తరఫున’. పిల్లలు దాని మీద నిలవకుండా గబగబా దాటేస్తారు. నాకు మాత్రం అక్కడే ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే మిగతా సందేశం నిజమా కాదా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

తరఫు అరబ్బీ మాట. ‘తరఫ్’ అంటే అంచు, కొస, పక్క. పారశీకం మీదుగా దక్కనుకు వచ్చాక ఆ పక్క ఏకంగా ఒక రాజ్యభాగం అయింది. బహమనీ సుల్తానులు తమ రాజ్యాన్ని గుల్బర్గా, దౌలతాబాదు, బీదరు, బేరారు అని నాలుగు తరఫులు చేశారు. ఒక్కో తరఫును ఏలే అధికారి తరఫుదారు. తరవాత మహమూద్ గవాన్ వాటిని ఎనిమిది చేశాడు. తరఫుదారు సొంతంగా రాజు కాడు. సుల్తాను అక్కడ లేడు కాబట్టి సుల్తాను బదులు ఉన్నవాడు. ‘పక్క’ అన్న అర్థం నుంచి ‘ఒకరి బదులు’ అన్న అర్థానికి ఇది ఎంత దగ్గరో చూడండి.

ఈ సీమకు పారశీక, మరాఠీ మాటలు కొత్త కాదు. 17వ శతాబ్దంలో బెంగళూరు, కోలారు ప్రాంతాలు బీజాపూరు సుల్తాను కింద శహాజీ జాగీరుగా ఉన్నాయి. చింతామణి ఊరి పేరు కూడా చింతామణిరావు అనే మరాఠా నాయకుడిదేనని చెబుతారు. తాలూకా, అమల్దారు, జమాబందీ లాంటి మాటలతో పాటు తరఫు కూడా కచేరీ మాటగానే జనం నోట పడింది. కోర్టులో ఇప్పటికీ వాది తరఫు, ప్రతివాది తరఫు అనే అంటాం. మన నోటికి ఒత్తు ఫకారం బరువు కాబట్టి చాలామంది నోట అది ‘తరపు’. రాసేటప్పుడు ఎలా రాసినా తప్పు లేదు.

కోర్టు తరఫుకు ఒక షరతు ఉంది. వకీలు ఊరికే లేచి మాట్లాడడానికి లేదు. కక్షిదారు వకాలతు మీద సంతకం పెట్టి ఉండాలి. అంటే ‘తరఫున’ అన్న మాట వెనక అడగడం, ఒప్పుకోవడం అన్న రెండు పనులు జరిగి ఉండాలి. క్లాస్ లీడరు ఆ పనులు చేసిందా?

ఇక్కడ ‘మానిటర్’ అన్న మాట గుర్తొస్తుంది. లాటినులో దానికి హెచ్చరించేవాడని అర్థం. 18వ శతాబ్దం చివర్లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు అనాథబాలుర బడిలో పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు పాఠం చెప్పించాడు. ఇసుక మీద అక్షరాలు దిద్దించే మన వీధిబడి పద్ధతిని చూసే అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఆ విధానం ఇంగ్లండుకు వెళ్ళి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు పొందింది. అందులో మానిటర్ అయ్యవారి తరఫు మనిషి. అల్లరి చేసేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే మానిటర్లను మనమూ చూశాం, ఏడాదంతా వాళ్ళు అయ్యవారి తరఫే. సెప్టెంబరు 5న మాత్రం తరఫు మారుతుంది. ఆ రోజు మానిటర్ పిల్లల పక్క నుంచి అయ్యవారి వైపు చూసి మాట్లాడాలి. అలవాటు లేని పక్క కాబట్టే మాట తడబడి, అచ్చు పుస్తకాల్లోని ‘గౌరవనీయులైన’, ‘హృదయపూర్వక’లను పట్టుకుంటుంది.

బాగేపల్లి పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడంలో ఇదే మాట ‘నమ్మ తరగతియ పరవాగి’. తరగతి రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు, దానితో పేచీ లేదు. ‘పర’ దగ్గరే వింత. సంస్కృతంలో పర అంటే ఇతరుడు; మన పరాయి, స్వపరభేదం అక్కడివే. కన్నడంలో ‘పర’ అంటే అనుకూలం, మన పక్క. ‘పర-విరోధ’ అంటే అనుకూల ప్రతికూలాలు. తెలుగు చెవికి పరాయిగా వినిపించేది కన్నడ నోట మనవైపు అయింది.

అసలు మెలిక సర్వనామంలో ఉంది. తెలుగులో వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. నేటి కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒక్కటే. ఒక పదో తరగతి అమ్మాయి తెలుగును కన్నడ లిపిలో రాసి తెచ్చిన చిత్తు నేను చూశాను. (కైవారం తాతయ్యగారి తెలుగు కీర్తనలూ ఈ సీమలో కన్నడ లిపిలోనే చదువుతారు, అందులో వింతేమీ లేదు.) మొదటి వాక్యంలో ‘మా తరగతి విద్యార్థులందరి తరఫున’ అని ఉంది. మూడో వాక్యం ‘మీరు మన జీవితాల్లో వెలుగు నింపారు’. ఆ ‘మన’తో మేష్ట్రు కూడా పిల్లల్లో కలిసిపోయి, తన జీవితంలో తానే వెలుగు నింపుకున్నాడు. కన్నడ ‘నమ్మ’ను తెలుగులోకి మార్చేటప్పుడు జరిగిన జారుపాటు ఇది.

అది దిద్దడం సులువు. పెద్ద లోపం వేరే: ఆ చిత్తులో ఊరి పేరు, బడి పేరు తీసేస్తే ఏ బడిలోనైనా చదవొచ్చు. అలాంటిది ఎవరి తరఫునా చెప్పినట్టు కాదు. పోయి తరగతిలో ఒక్కొక్కరినీ అడుగు, ఈ మేష్ట్రు గురించి ఎక్కువమంది చెప్పేది ఒక్కటే రాయి అన్నాను. మర్నాడు తెచ్చింది ఇది:

‘మేష్ట్రూ, మాలో తొమ్మిదిమందికి ఊరి బస్సు ఐదున్నరకు గానీ రాదు. అది వచ్చేదాకా మీరు ఇంటికి పోలేదు. ఆ గంటలోనే మాకు త్రికోణమితి అర్థమయింది. బస్సు అక్కరలేని వాళ్ళం కూడా ఉండిపోయేవాళ్ళం. మా అందరి తరఫున నమస్కారం.’

ఐదే వాక్యాలు. ‘తరఫున’ మొదటి నుంచి చివరికి పోయింది, పోవడమే మంచిది: సాక్ష్యం చెప్పాక సంతకం. నాలుగో వాక్యం లేకపోతే ఇది బస్సు పిల్లల కృతజ్ఞత మాత్రమే అయ్యేది. ఆ వాక్యం ఊళ్ళో పిల్లల్ని కూడా కలుపుకోబట్టి ‘అందరి’ అనే హక్కు వచ్చింది. ‘మాలో’ అన్నది కూడా సరిగ్గా పడింది. ‘మనలో’ అని ఉంటే మేష్ట్రు కూడా ఆ బస్సు కోసమే కాచుకున్నట్టు అయ్యేది. ఆయన కాచుకున్నది బస్సు కోసం కాదన్నదే కదా పిల్లలు చెప్పదలచింది.

ప్రార్థన వేళ చదవడానికి దాన్ని కన్నడంలోకి మార్చాల్సి వచ్చింది. ‘మాలో’కు ‘నమ్మల్లి’ అని రాస్తే మళ్ళీ మేష్ట్రు లోపలికి వచ్చేస్తాడు. అమ్మాయే కాసేపు ఆలోచించి, ‘నమ్మ తరగతియ మక్కళల్లి ఒంబత్తు జనక్కె’ అని రాసింది. మక్కళు అంటే పిల్లలు. తెలుగు ఒక్క అక్షరంతో చేసిన పనికి కన్నడంలో రెండు మాటలు పట్టాయి.