మన్నిక మాట, మారుబేరం లెక్క: నారాయణఖేడ్ నేపథ్యంలో ట్రాక్టర్ ప్రకటనా నినాదాల పరిశీలన

వ్యాససంగ్రహం

రైతు కుటుంబాలను ఉద్దేశించి ట్రాక్టర్ కంపెనీలు వాడే నినాదాల్లో ప్రధానంగా రెండు మాటలు వినిపిస్తాయి. బండి చాలాకాలం మన్నుతుందన్నది మొదటిది. తిరిగి అమ్మితే మంచి ధర వస్తుందన్నది రెండోది. ఈ రెండూ ఒకే వాగ్దానంగా కనిపించినా వాటి స్వభావం వేరు. మన్నిక యంత్రానికి సంబంధించిన గుణం, మారుబేరపు విలువ సంతకు సంబంధించినది. ఈ భేదం చారిత్రకంగా ఎలా ఏర్పడిందో, నారాయణఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతంలో అది రైతు లెక్కను ఎలా ప్రభావితం చేస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ట్రాక్టర్, ప్రకటనా నినాదం, మన్నిక, మారుబేరపు విలువ, నారాయణఖేడ్.

1. ఉపోద్ఘాతం

నారాయణఖేడ్ నేడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 1956కు ముందు ఇది హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, భాల్కీ, హుమ్నాబాద్ ప్రాంతాలు మైసూరు రాష్ట్రానికి, ఉద్గీర్, నీలంగా వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లగా, నారాయణఖేడ్, జహీరాబాద్‌లు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో కలిశాయి. పాలనా సరిహద్దులు మారినా చుట్టరికాలు, సంతలు, భాషలు ఆ గీతల దగ్గర ఆగలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలగలిసి వినిపించే ఈ నేలలో హిందీ నినాదాన్ని అనువదించకుండా గోడ మీద రాసినా జనానికి అర్థమవుతుంది. పాత ట్రాక్టరు కొనడానికి వచ్చేవాడు పక్క ఊరివాడే కానక్కరలేదు, పక్క రాష్ట్రంవాడూ కావచ్చు. నినాదాలను ఈ ప్రాంతం నుంచి పరిశీలించడానికి ఈ రెండు లక్షణాలే కారణం.

2. కొరత కాలం: నినాదం అవసరం లేని సరుకు

భారతదేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడింది. మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ భాగస్వామ్యంలో 1963లో ఏర్పడిన సంస్థ బి-275 నమూనాను తెచ్చింది. అయితే హరితవిప్లవంతో గిరాకీ ఉత్పత్తిని మించిపోయింది. 1967లో కేంద్రం ట్రాక్టర్ల ధరలపై నియంత్రణ విధించింది. అది 1974 వరకు కొనసాగింది.

ఆనాటి కొనుగోలుదారుడు దరఖాస్తు పెట్టుకొని తన వంతు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. నియంత్రిత ధరకు దొరికిన బండిని బయట అంతకన్నా ఎక్కువకు అమ్ముకోగలిగే పరిస్థితి ఉండేది. అంటే మారుబేరపు విలువ తొలిదశలో యంత్రపు నాణ్యతను బట్టి పుట్టలేదు, కొరత నుంచి పుట్టింది. ఉన్న సరుకు చాలక జనం వరుసలో నిలబడినప్పుడు కంపెనీకి రైతును ఒప్పించే పని లేదు. అందువల్ల ఈ దశలో నినాదానికి పెద్ద పాత్ర కనిపించదు.

3. పోటీ కాలం: పేరే నినాదమైన తీరు

1970ల్లో పరిస్థితి మారసాగింది. పింజోర్‌లో హెచ్.ఎం.టి. 1971లో జెటోర్ సాంకేతికతతో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించింది. 1974లో పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ స్వదేశీ నమూనాతో స్వరాజ్‌ను విడుదల చేసింది. రైతుకు ఎంచుకునే వీలు పెరిగేకొద్దీ బ్రాండు పేరు కూడా మాట్లాడవలసి వచ్చింది. ‘స్వరాజ్’ అన్న పేరు జాతీయోద్యమ స్మృతిని పొలంలోకి తెచ్చింది. తరువాతి కాలంలో మహీంద్రా తన శ్రేణులకు ‘భూమిపుత్ర’, ‘సర్పంచ్’, ‘అర్జున్’ అన్న పేర్లు పెట్టింది. వీటిలో భూమిపుత్ర నేలతో బంధాన్ని, సర్పంచ్ ఊళ్లో హోదాను, అర్జున్ బలాన్ని సూచిస్తాయి. ట్రాక్టరు అప్పటికి పనిముట్టుగానే కాక, ఇంటి పరువుగా కూడా మారిందనడానికి ఈ పేర్లే సాక్ష్యం.

ఇటీవలి నినాదాల్లో ధోరణి మరో మలుపు తీసుకుంది. మహీంద్రా ‘టఫ్ హర్‌దమ్’ అంటుంది. ఐషర్ ‘ఉమ్మీద్ సే జ్యాదా’ అంటుంది. మొదటిదానిలోని ‘హర్‌దమ్’ ఎల్లవేళలా అనే కాలసూచకం. రెండోది ఆశించినదానికన్నా ఎక్కువ అనే పోలిక. ఏ పనికి, ఎన్ని గంటలకు, ఏ నేలలో అన్నది రెండిటిలోనూ లేదు. నినాదంలో లేని ఆ నిర్దిష్టతను వారంటీ పత్రం పూరిస్తుంది. మహీంద్రా ప్రకటించిన ఆరేళ్ల వారంటీని చూస్తే, మొదటి రెండేళ్లు బండి మొత్తానికి, తరువాతి నాలుగేళ్లు ఇంజను, ట్రాన్స్‌మిషన్‌లలో అరిగే భాగాలకు వర్తిస్తుంది. ‘ఎల్లవేళలా’ అన్న మాట పత్రం మీదికి వచ్చేసరికి లెక్కపెట్టదగిన సంవత్సరాలుగా మారుతుంది.

‘మంచి రీసేల్ విలువ’ అన్న మాట మాత్రం సాధారణంగా ప్రధాన నినాదంలో ఉండదు. కరపత్రంలోని గుణాల జాబితాలో, డీలరు మాటల్లో, ఇప్పటికే బండి నడుపుతున్న రైతు సాక్ష్యంలో అది చోటు చేసుకుంటుంది. దీనికి కారణం స్పష్టం. మన్నికకు కంపెనీ కొంతవరకు పూచీ పడగలదు. ఎనిమిదేళ్ల తరువాత మరొకరు ఇచ్చే ధరకు ఏ కంపెనీ పూచీ పడదు.

4. మన్నికను కొలిచేది ఎవరు?

మధ్యప్రదేశ్‌లోని బుద్ని, అనంతపురం జిల్లాలోని గార్లదిన్నెలలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలు ఉన్నాయి. కొత్త నమూనాల శక్తి, ఇంధన వినియోగం, లిఫ్టు సామర్థ్యం వంటివి ఇటువంటి సంస్థల్లో పరీక్షకు వస్తాయి. పరీక్ష తరువాత భాగాలు విప్పి అరుగుదలను కొలవడమూ ఉంటుంది. కానీ అది పరిమిత గంటల పరీక్ష. పదేళ్ల వాడకాన్ని ఏ పరీక్షా పత్రమూ చూపలేదు.

ఆ పనిని పాత బండ్ల సంతే చేస్తుంది. అనుభవం ఉన్న కొనుగోలుదారుడు రంగును చూడడు. ఇంజను నడుస్తుండగా బ్రీదర్ గొట్టం నుంచి పొగ ఎక్కువగా వస్తే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగాయని గ్రహిస్తాడు. ఆయిలు పాలరంగుకు తిరిగితే అందులో నీరు కలిసిందని తెలుసుకుంటాడు. బరువైన పరికరాన్ని లిఫ్టుతో ఎత్తి ఇంజను ఆపి చూస్తాడు. అది త్వరగా కిందికి దిగితే హైడ్రాలిక్‌లో లీకు ఉన్నట్టే. గంటల మీటరు పనిచేయకపోతే యజమాని చెప్పే గంటలను నమ్మడు.

బండి ఏ పనిలో అరిగిందన్నదీ ముఖ్యమే. నారాయణఖేడ్ చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి, కంది, పెసర, మినుము పండుతాయి. ఇక్కడ మెట్టదుక్కిలో తిరిగిన బండికి, మాగాణిలో కేజ్‌వీల్స్‌తో బురద దున్నిన బండికి తేడా ఉంది. బురదలో ముందు చక్రాల హబ్బుల సీళ్లు, బేరింగులు త్వరగా దెబ్బతింటాయి. చెరకు ట్రాలీలు లాగిన బండికి క్లచ్, బ్రేకులు, వెనుక టైర్లు ముందుగా అరుగుతాయి. ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే నినాదం ఉన్న రెండు బండ్లకు రెండు ధరలు పలకడానికి ఇదే కారణం.

5. ఒక ఊహాత్మక లెక్క

నినాదం సూచించే లాభం ఎంతో తెలియడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. పేరున్న బండి కొత్త ధర 8,00,000 రూపాయలు, ఎనిమిదేళ్లకు అది 4,00,000కు అమ్ముడైంది. అంతగా పేరులేని బండి కొత్త ధర 7,20,000, అంతే కాలానికి 2,40,000 వచ్చింది. మొదటిదాని తరుగు ఏడాదికి 50,000, రెండోదానిది 60,000. ఏడాదికి 10,000 మిగులుతున్నట్టు కనిపిస్తుంది.

అయితే మొదటి బండికి అదనంగా పెట్టిన 80,000 అప్పుగా తెచ్చిందైతే, 12 శాతం వడ్డీతో ఆరు సమాన వార్షిక అసలు కిస్తీల్లో తీర్చినా వడ్డీ 33,600 అవుతుంది. ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 4,200. కనుక అసలు లాభం 5,800. అది కూడా ఎనిమిదో ఏటగానీ చేతికి రాదు. వరుసగా రెండు కార్లు పోయి మూడో ఏట కిస్తీ తప్పిన కుటుంబానికి ఈ లెక్క వర్తించదు. అప్పిచ్చిన సంస్థ స్వాధీనం చేసుకొని వేలం వేసిన బండికి సంత ధర రాదు. అలాంటి బండ్లు ఎక్కువైతే చుట్టుపక్కల మిగతా బండ్ల ధరా తగ్గుతుంది.

6. సంత చేతిలో ధర

యంత్రంలో ఏ మార్పూ లేకుండానే మారుబేరపు విలువ మారగలదని రెండు సందర్భాలు నిరూపిస్తాయి. 2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. ట్రాక్టర్ విభాగం మూసివేతకు ఆమోదం తెలిపింది. నిన్నటిదాకా దున్నిన బండి మరునాడూ దున్నింది. కానీ విడిభాగాలు ముందుముందు దొరుకుతాయా అన్న సందేహం కొనేవాడి మనసులో చేరింది. మన్నిక ఇనుములో ఉన్నా, విలువ ఆ సందేహం మీద ఆధారపడుతుంది.

రెండోది పన్ను మార్పు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 8,00,000 ఉన్న బండి, తగ్గింపు పూర్తిగా అందితే, 7,50,000కు దొరుకుతుంది. కొత్తది కొనేవాడికిది మేలు. అంతకుముందు నెలలో కొన్నవాడి బండికి మాత్రం సంతలో పోల్చే కొలత 50,000 కిందికి జరిగినట్టే.

నారాయణఖేడ్‌కు మరో చిక్కు ఉంది. బీదర్ వైపు నుంచి మంచి బేరం వచ్చినా, వేరే రాష్ట్రానికి బండి వెళ్లాలంటే ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం కావాలి. అప్పు తీరితే ఫారం 35తో హైపోథికేషన్ రద్దు చేయించాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. కాగితాలు సరిగా లేని బండికి ఒకనాడు ఒకే జిల్లాగా ఉన్న ఈ ప్రాంతంలోనే సంత సగమైపోతుంది.

7. ముగింపు

కొరత కాలంలో ట్రాక్టరు మారుధర కొరతను బట్టి పెరిగింది. పోటీ కాలంలో పేర్లు పరువును ప్రకటించాయి. నేటి నినాదాలు మన్నికను ముందుంచి, మారుబేరపు విలువను దాని సహజఫలంగా చూపుతున్నాయి. నారాయణఖేడ్ నేపథ్యంలో చూస్తే ఆ ఫలం యంత్రంతో పాటు నేల, పని, విడిభాగాలు, పన్ను, కాగితాలు, కిస్తీ అన్నిటి మీదా ఆధారపడి ఉంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం రావడంతో తయారీ స్థలం ఈ రైతులకు దగ్గరైంది. కానీ పాత బండి ధర నిర్ణయమయ్యే చోటు కర్మాగారం కాదు. బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యిపెట్టి చూసే కొనుగోలుదారుడి ముందే ఆ ధర తేలుతుంది. కంపెనీ నినాదం అతణ్ని బండి దగ్గరికి రప్పించగలదు, ఆ తరువాతి మాట పలికేది బండిని వాడిన కుటుంబపు శ్రద్ధే.