మూత తీసి చూస్తేనే వయసు తెలిసేది

బళ్లారిలో పాత సామాను ఏది బయటపడినా దానికి విజయనగర కాలం అంటగట్టడం మామూలైపోయింది. హంపి మనకు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి ఆ మాట నమ్మబుద్ధేస్తుంది కూడా. మా సత్యనారాయణపేటలో పాత ఇల్లు పంచుకునేటప్పుడో, పడగొట్టి కొత్తది కట్టుకునేటప్పుడో అటక మీంచి దిగే చిన్న డబ్బీలకూ ఇదే పేరు పెడుతున్నారు. అందులో నశ్యం డబ్బీ విషయంలో మాత్రం ఆ మాట నిలవదు. నశ్యానికి పొగాకు కావాలి. పొగాకు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. 1604 ప్రాంతంలో అక్బరు పంపిన అసద్ బేగ్ బిజాపురంలో పొగాకు చూసి, వింతగా ఉందని కొంత మొగలు దర్బారుకు పట్టుకుపోయాడు. అప్పటికి అది మొగలు దర్బారుకు కొత్త సరుకన్నమాట. విజయనగరం పాడుపడింది 1565లో. గోవా 1510 నుంచే పోర్చుగీసుల చేతిలో ఉంది కదా, వాళ్లతో గుర్రాల బేరం చేసిన విజయనగరానికి పొగాకు ముందే అంది ఉండకూడదా అని అడగవచ్చు. కానీ జాన్ నికో అనే రాయబారి లిస్బను నుంచి ఫ్రాన్సు రాణికి పొగాకు పంపి, పొడిని ముక్కుతో పీల్చే అలవాటుకు అక్కడ పేరు తెచ్చింది 1560 తర్వాతే. యూరపులోనే అంత కొత్తదైన అలవాటు కోసం తుంగభద్ర ఒడ్డున డబ్బీలు చెక్కారనడానికి ఆధారం లేదు.

విజయనగరం కాకపోతే వీటి కాలం ఏది? బళ్లారి 1800లో నిజాము చేతి నుంచి కుంపిణీకి దత్తమండలాల్లో భాగంగా వచ్చింది. ఆ తర్వాత దండు బజారు పెరిగింది, పత్తి బేరం పెరిగింది, రైలు వచ్చింది. ఉద్యోగులు, షావుకార్లు, సిపాయిలు నాలుగు దిక్కుల నుంచి వచ్చి చేరారు. నశ్యం అలవాటూ డబ్బీలూ ఇళ్లలో స్థిరపడేందుకు ఇదే తగిన కాలం. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరులో చేరేదాకా ఇదంతా ఒకే జిల్లా. కాబట్టి ఒక డబ్బీ ఆంధ్రదా, కర్ణాటకదా అన్న తగువుకు దాని పుట్టుక నాటికి అర్థమే లేదు. పెళ్లిళ్లతో, బదిలీలతో సామాను అటూ ఇటూ తిరిగింది. ఊరి పేరు బట్టి డబ్బీ కాలం చెప్పలేం. డబ్బీనే అడగాలి, అదీ బయటి చెక్కడాన్ని కాదు, లోపలి అరుగుదలను. బయటి పనితనం కొనేవాడి కంటికోసం చేసింది, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా మళ్లీ చేయగలరు. లోపలి గుర్తులు ఎవరి కంటికోసమూ పడినవి కావు.

చేతులు మారే రకాల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. నల్లని గుండ్రని డబ్బీ, అడ్డం ఐదు సెంటీమీటర్లు, మూత మీద నెమలి చెక్కడం, నెమలి కింద తెల్లని బిళ్ల. నలుపును నల్లచేవ అంటారు, తెలుపును దంతమంటారు. ముందు నలుపు సంగతి. మూత అంచు పల్చగా ఉన్నచోట వెనక టార్చి పెడితే గోధుమరంగు జీరలు ఒకే దిక్కుగా సాగుతూ కనిపిస్తే అది కలప కాదు, గేదె కొమ్ము. కొమ్ము పొరలుపొరలుగా పెరుగుతుంది, పాతబడితే అంచుల దగ్గర ఉల్లిపొరలా లేస్తుంది. పురుగు కొడితే వంకరటింకర గుంటలు పడతాయి. బేకలైటు గానీ సెల్యులాయిడు గానీ అయితే ఇలా పొరలు లేవవు. అచ్చు పోసినదైతే రెండు సగాలు కలిసిన సన్నని గీత ఎక్కడో ఒకచోట వేలికి తగులుతుంది. బేకలైటు పుట్టిందే 1907లో కాబట్టి అక్కడితో పాతదనం వాదన తేలిపోతుంది. కొందరు కాల్చిన సూది గుచ్చి వాసన చూస్తారు. కొమ్మైతే వెంట్రుక కాలిన వాసన వస్తుందన్నది నిజమే. అయినా ఆ పని చేయకూడదు. వస్తువుకు మచ్చ మిగులుతుంది, పైగా సెల్యులాయిడైతే భగ్గున అంటుకుంటుంది. ఇక తెల్లబిళ్ల. భూతద్దంతో చూస్తే సన్నని నల్లచుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి. అవి ఎముకలో రక్తం పారిన సన్న గొట్టాల నోళ్లు, వాటిలో జిడ్డు, మురికి పట్టి నల్లబడ్డాయి. ఏనుగు దంతానికి ఆ చుక్కలుండవు, అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలుంటాయి. కాబట్టి ఇది గేదె కొమ్ము మీద ఎముక బిళ్ల. వెల తగ్గినా చరిత్ర తగ్గదు. ఖరీదైన దంతం కాక దొరికే సరుకుతో చేసిన డబ్బీ మామూలు ఇంటి వస్తువు, ఆ ఇళ్ల బతుకు గురించి చెప్పేది ఇలాంటివే.

తర్వాత పనిముట్టు జాడ. కొమ్ము కొన తప్ప మిగతాదంతా లోపల బోలు, అందుకే ఇలాంటి డబ్బీకి అడుగు వేరే బిళ్లగా కోసి దించుతారు. అడుగు అతుకు దగ్గర లోపలికి వెలుతురు ఏటవాలుగా వేసి చూడాలి. విల్లుతో తిప్పే పాత తరిమెన మీద వస్తువు ముందుకూ వెనక్కూ తిరుగుతుంది, ఉలి ముందుకు తిరిగినప్పుడే కోస్తుంది. ఆ వలయాలు ఒకదానికొకటి సరిసమానంగా ఉండవు. కరెంటు లేతు మీద చేసినదైతే గీతలు ఒకే ఎడంతో వరసగా వస్తాయి. నెమలి ఈకల గీతలూ అంతే. చేతి ఉలితో కొట్టిన గాడి సన్నగా మొదలై, మధ్యలో లోతై, మళ్లీ సన్నబడుతుంది, అడుగున కోణంగా ఉంటుంది. కరెంటు మీద గిర్రున తిరిగే చిన్న బిట్టుతో గీస్తే గాడి పొడవునా ఒకే వెడల్పు, రెండు చివర్లూ గుండ్రం, అడుగున సన్నని అదురు గీతలు. ఇలా గుర్తుపట్టడం మన ఊరికి కొత్త విద్యేమీ కాదు. ఊరి పక్క సంగనకల్లు గుట్టల మీద దొరికిన రాతి గొడ్డళ్లలో ఏది కొట్టి వదిలేసినది, ఏది నూరి పదును పెట్టినది అని తేల్చింది పనితనపు జాడలు చూసే. ఇక్కడొక న్యాయమైన ఆక్షేపణ ఉంది. చేతి తరిమెన నిన్నమొన్నటిదాకా పల్లెల్లో తిరుగుతూనే ఉంది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. మరి చేతిపని ఉంటే పాతదని ఎలా అంటారు? అనలేం. కరెంటు బిట్టు జాడ కనబడితే ఆ చెక్కడం కొత్తదని గట్టిగా చెప్పొచ్చు, చేతి జాడ కనబడినంత మాత్రాన పాతదని చెప్పలేం. పనిముట్టు జాడ పద్ధతిని చెబుతుంది, ఏడాదిని చెప్పదు. పాత సాదా డబ్బీ మీద కొత్తగా నెమలిని చెక్కి అమ్మడమూ ఉంది. అప్పుడు డబ్బీ ఒళ్లంతా అరిగి నున్నబడి ఉంటుంది, నెమలి ఈకల అంచులు మాత్రం వేలికి గరుగ్గా తగులుతాయి. ఈ రెండూ ఒకే చేతిలో ఒకే కాలం నలిగి ఉండవు.

అసలు తీర్పు మూత తీశాక వస్తుంది. మన నశ్యం ఉత్త పొగాకు పొడి కాదు. పొగాకును కాచి దంచి, సున్నమూ నెయ్యీ చేర్చి నూరినది. ఈ మూడూ మూడు జాడలు వదులుతాయి. పొగాకు గోధుమ మరక, నెయ్యి జిడ్డు, సున్నం తెల్లని పెచ్చు. కొమ్ము డబ్బీలో మరక అడుగు అతుకు సందుల్లోకి, లేచిన పొరల కిందికి దిగి ఉంటుంది, అడుగు చుట్టూ మూలలో బూడిదరంగు గట్టి పెచ్చు కట్టి ఉంటుంది. అరుగుదల ఇంకా స్పష్టం. డబ్బీ ఎడమచేతిలో పట్టి, కుడి బొటనవేలు చూపుడువేలు ముంచి చిటికెడు తీసేవాళ్లు ఎక్కువ. అందువల్ల నోటి అంచు చుట్టూ ఒకేలా అరగదు, వేళ్లు దిగే ఒక్క పక్క పల్లంగా నున్నబడుతుంది. నశ్యం అయిపోవచ్చినప్పుడు గోరు అడుగుదాకా గీరుతుంది కాబట్టి అడుగున చిన్న చిన్న విల్లు గీతలు ఆ పక్కకే తిరిగి ఉంటాయి. మూత వదులైనా ఊడినా పొడి చెడుతుంది గనక అది బిగుతుగా ఉండాలి, రోజూ తీసి పెట్టడంతో మెడ చుట్టూ మెరిసే పట్టీ పడుతుంది. ఇత్తడి డబ్బీలో జాడ వేరుగా ఉంటుంది. నెయ్యిలోని కొవ్వు రాగితో కలిసి మైనంలాంటి పచ్చని జిడ్డుగా మారి కీలు సందుల్లో చేరుతుంది. వానకు తడిసిన ఇత్తడికి పట్టే చిలుము పొడిపొడిగా రాలుతుంది, ఇది రాలదు, గోటితో గీరితే ముద్దగా వస్తుంది. దీనితోనే నశ్యం డబ్బీని దాని పొరుగు వస్తువుల నుంచి వేరు చేయగలం. సున్నపు కాయలో తెలుపు అంతటా ఉంటుంది, గోధుమరంగు ఉండదు. కుంకుమ భరిణెలో ఎరుపు సన్నని సందుల్లో మిగులుతుంది, నోటి అంచు ఒక పక్కకు అరగదు, ఎందుకంటే వేలు అద్దడానికే గానీ ముంచి గీరడానికి దిగదు. నశ్యం డబ్బీలని అమ్ముతున్నవాటిలో కొన్ని నిజానికి భరిణెలు, కొన్ని సున్నపు కాయలు.

లోపలి మరకనూ నకిలీ చేయవచ్చు కదా, నాలుగు రోజులు నశ్యం పోసి నెయ్యి పూస్తే సరిపోదా? రంగు వస్తుంది. కానీ ఆ రంగు పైపైనే ఉంటుంది, అన్ని పక్కలా ఒకేలా ఉంటుంది. సందు లోతుల్లో ఎక్కువగానూ, వేళ్లు తుడిచే పక్క తక్కువగానూ ఉండాల్సిన మరక తలకిందులై కనిపిస్తుంది. నోటి అంచు అరుగుదల, అడుగు గీతలు, మెడ పట్టీ, మరక దట్టం ఈ నాలుగూ ఒకే చేతివాటంతో పొందాలి. ఒకటి తేవడం సులువు, నాలుగింటినీ పొందించడం కష్టం. దీనికంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో పండగొస్తే ఇత్తడి సామానంతా చింతపండు వేసి తోముతారు. అప్పుడు పచ్చజిడ్డు పోతుంది, మరక పోతుంది, లోపల శుభ్రంగా ఉన్నందుకు అది నశ్యం డబ్బీ కాదని కొట్టేయలేం. ఒప్పుకోవాల్సిందే. మరక ఉంటే సాక్ష్యం, లేకపోవడం సాక్ష్యం కాదు. అరుగుదల మాత్రం తోమినా పోదు, కీలు లోపలి సందు కూడా చింతపండుకు అంత తేలిగ్గా అందదు, కాబట్టి తోమిన డబ్బీలో చూపు అక్కడికి పోవాలి. ఇక తాత నశ్యం డబ్బీ మనవరాలి కుంకుమ భరిణె కావడమూ మామూలే. ఎరుపు పైన, గోధుమ కింద ఉంటే ఆ క్రమమే దాని కథ.

మన కొమ్ము డబ్బీ దగ్గరికి వస్తే, నోటి అంచు ఒక పక్క అరిగింది, అడుగు వలయాలు అసమానం, మరక అతుకులోకి దిగింది, నెమలి ఈకలు మాత్రం వెడల్పు మారని గుండ్రని గాళ్లు. అంటే చాలాకాలం నిజంగా వాడిన నశ్యం డబ్బీ మీద తర్వాత ఎవరో కరెంటు బిట్టుతో నెమలిని చెక్కారు. ఇది విజయనగరానిది కాదు. బహుశా పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగాల మధ్యది. అంతకంటే దగ్గరగా కాలం చెప్పేవారిని ఆధారం అడగాలి.

ఇళ్లలో ఇలాంటివి ఉన్నవారికి రెండు మాటలు. బిళ్ల నిజంగా ఏనుగు దంతమనో, డబ్బీ జింక కొమ్మనో తేలితే అమ్మకూడదు, కొనకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు, ఇంట్లో ఉంచుకోవడానికీ అటవీ శాఖ పత్రం ఉండాలి. రెండోది, డబ్బీ దొరికిన రోజే దాన్ని తోమకండి, నూనె పూయకండి. మూత తీసి, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో లోపలి భాగానికి నాలుగు ఫోటోలు తీసి, ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక చీటీ మీద రాసి డబ్బీతోపాటు ఉంచండి.