గాలి చొరని గుంత: పాతర గడ్డి పుట్టుపూర్వోత్తరాలు

1877లో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ధాత కరువులో మలమల మాడిపోతున్నాయి. మేత లేక పశువులు మందలకు మందలే కూలిపోయాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఆగుస్ట్ గోఫార్ అనే రైతు, పచ్చి మొక్కజొన్నను నెలల తరబడి చెడకుండా ఎలా దాచుకోవచ్చో వివరిస్తూ ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మన కరువు సంగతి అతనికి తెలియదు, అతని పుస్తకం సంగతి మనవాళ్లకు తెలియదు. కానీ ఇద్దరినీ వేధించిన ప్రశ్న ఒక్కటే: పచ్చిమేత పుష్కలంగా ఉన్న రోజుల మేతను, ఏమీ లేని రోజులకు ఎలా చేరవేయడం?

మనకు ఆ లేమి మార్చి నుంచి తొలకరి దాకా. గోఫార్‌కు అది మంచు కురిసే కాలం. అతని ఊరు ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న సొలోన్ ప్రాంతంలో ఉంది. పేద ఇసుక నేలలు, చిత్తడి కుంటలు ఉన్న చోటది. అక్కడ శరదృతువులో ఎదిగే మొక్కజొన్నను ఎండబెడదామంటే చాలినంత ఎండ ఉండదు. అంత లావు కాడ ఆరేలోపే బూజు పడుతుంది. కాబట్టి ఆరబెట్టకుండానే దాచాలి.

ఈ ఆలోచన అతనితోనే మొదలవలేదు. జర్మనీలో చక్కెర మిల్లుల దగ్గర బీట్‌దుంప పిప్పిని, ఆకులను కందకాల్లో పూడ్చి పశువులకు వేయడం అప్పటికే ఉంది. స్టుట్‌గార్ట్‌లో చక్కెర మిల్లు ఉన్న అడాల్ఫ్ రైలెన్ 1860లలో మొక్కజొన్నను కూడా అలాగే కందకంలో వేసి మట్టి కప్పి చూశాడు. మేత నిలిచింది. అతని అనుభవం 1870 ప్రాంతంలో ఫ్రెంచి వ్యవసాయ పత్రికకు ఎక్కింది. గోఫార్ గొప్పతనమల్లా, ఒకసారి నిలిచి మరోసారి కుళ్లే ఈ పద్ధతిని ప్రతిసారీ నిలిచేలా చేయడం. ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1870లలో రెండు నియమాలు తేల్చాడు. మొదటిది, కాడను సెంటీమీటరు ముక్కలుగా నరకాలి. రెండోది, గుంత నింపాక పైన పలకలు పరిచి, చదరపు మీటరుకు నాలుగైదు వందల కిలోల రాళ్లు పేర్చాలి. మేత కుంగుతున్నకొద్దీ ఆ బరువు దాంతోపాటే దిగుతూ, లోపలి గాలిని బయటికి నెడుతూ ఉండాలి.

రెండు నియమాలూ చెప్పేది ఒకటే, గాలిని తీసేయమని. గోఫార్ కాలానికి సూక్ష్మజీవశాస్త్రం ఇంకా పసితనంలో ఉంది. గాలి లేనప్పుడు గుంతలో ఏం జరుగుతుందో అతనికి స్పష్టంగా తెలియదు. తెలియకుండానే సరైన చోట చెయ్యి వేశాడు. ఆ పుస్తకం 1879లో ఇంగ్లీషులో న్యూయార్క్‌లో వెలువడింది. తర్వాతి పదేళ్లలో అమెరికా పాడి రైతులు వేల సంఖ్యలో సైలోలు కట్టుకున్నారు.

అమెరికాలో గుంత నేల మీదికి లేచింది. ఇల్లినాయి రాష్ట్రంలో ఫ్రెడ్ హాచ్ 1873లో నిలువు సైలో కట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎత్తుగా నింపితే మేత బరువే మేతను అణచుతుంది, రాళ్ల పని తగ్గుతుంది. అయితే తొలి సైలోలు చాలావరకు చదరం. నాలుగు మూలల్లో మేత సరిగా కుంగక, అక్కడ గాలి నిలిచి కుళ్లు మొదలయ్యేది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాంక్లిన్ కింగ్ ఊరూరా సైలోలు పరిశీలించి గుండ్రటి సైలోను ప్రచారంలోకి తెచ్చాడు. మూల లేకపోతే గాలికి చోటు లేదు. చైనా, కొరియా, జపాన్ రైతుల ఎరువుల పద్ధతుల మీద పుస్తకం రాసిన కింగ్ ఈయనే. సేంద్రియ సాగు చేసే మనవాళ్లలో చాలామందికి ఆ పుస్తకం తెలుసు, సైలో సంగతి తెలియదు.

ఈ చరిత్రలో ఒక తప్పుదారి కూడా ఉంది. దాన్ని చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే ఆ తప్పు మన పల్లెల్లో నేటికీ జరుగుతోంది. 1885లో ఇంగ్లండులో జార్జ్ ఫ్రై అనే ఆయన ‘తీపి సైలేజి’ అని ఒక పద్ధతి చెప్పాడు. గుంతను గబగబా నింపకుండా, మేతను వదులుగా వేసి బాగా వేడెక్కనిచ్చి, 50 డిగ్రీలు దాటాక మూస్తే పులుపు పుట్టించే జీవులు చచ్చిపోయి మేత తియ్యగా ఉంటుందని ఆయన వాదం. నిజంగానే ఆ మేత గోధుమరంగులో, కమ్మటి వాసనతో ఉండేది. పశువులు ఎగబడి తినేవి. కానీ ఆ వేడికి మేతలో చక్కెర కాలిపోయింది. మాంసకృత్తులు చక్కెరతో పెనవేసుకుని పశువుకు అరగకుండా పోయాయి. ఇవాళ మన దగ్గర గుంత నింపడానికి వారం పట్టించినా, సరిగా తొక్కకపోయినా జరిగేది ఇదే. తీసి చూస్తే పొగాకు రంగు, మాడిన బెల్లం వాసన. బర్రె ఇష్టంగా తింటోంది కదా అని రైతు సంతోషిస్తాడు, పాలు మాత్రం పెరగవు.

పులుపు శత్రువు కాదని, అదే కాపలా అని తర్వాత తేలింది. గుంత మూసిన కొద్ది గంటల్లో మిగిలిన గాలిని మొక్క కణాలే వాడేస్తాయి. ఆ పైన లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. పెరుగును తోడుపెట్టేవి కూడా ఈ జాతివే. కాడలోని చక్కెరను అవి ఆమ్లంగా మార్చుతూ పోతే పీహెచ్ నాలుగు దగ్గరికి దిగుతుంది. ఆ పులుపులో కుళ్లబెట్టే జీవులు పనిచేయలేవు. చక్కెర తక్కువైనా, నీరు ఎక్కువైనా ఆమ్లం చాలదు. అప్పుడు మరో జాతి చేరి బ్యుటిరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. పాడైన వెన్న వాసన దానిదే. చెయ్యి కడుక్కున్నా ఆ కంపు వదలదు.

ఫిన్లండులో ఆర్టురి ఇల్మారి వీర్తానెన్‌కు ఎదురైన చిక్కు ఇదే. అక్కడి గడ్డిలో, క్లోవర్‌లో చక్కెర తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. సూక్ష్మజీవులు ఆమ్లం చేసేదాకా ఆగకుండా, పలచటి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు చల్లి పీహెచ్‌ను నాలుగు కిందికి ఒక్కసారే దించాడు. 1945లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి పత్రంలో మేత నిలవచేసే పద్ధతిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆవుల మేత కోసం అంత పెద్ద బహుమతి దక్కడం నాకు ఎప్పటికీ సంతోషం కలిగించే సంగతి. మన మొక్కజొన్న, జొన్నలకు ఈ ఆమ్లాల అవసరం లేదు, వాటి కాడలోనే చాలినంత తీపి ఉంది. హైబ్రిడ్ నేపియర్‌లో నీరెక్కువ, తీపి తక్కువ కనుక కోసి ఒక పూట వాడనిచ్చి, నూటికి రెండు మూడు కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లాలి. అలసంద, లూసర్న్‌లను విడిగా పాతర వేయకపోవడమే మంచిది, మొక్కజొన్నతో కలిపి వేసుకోవచ్చు.

పచ్చిమేతను పాతర వేయడం మన దగ్గరికి ఇంత ఆలస్యంగా రావడానికి మన రైతు వెనకబాటు కారణం అనుకుంటే పొరపాటు. మన దగ్గర ఎండ ఉంది. వానలు వెనకబట్టాక కోసిన జొన్న చొప్ప వారం పది రోజుల్లో గలగలలాడేలా ఆరుతుంది, వామి వేస్తే ఏడాది నిలుస్తుంది. జొన్నలు దాచడానికి పాతర తవ్వడం తెలిసిన రాయలసీమ రైతు, మేతకు పాతర తవ్వలేదంటే అవసరం పడలేదనే అర్థం. ఆ అవసరం తర్వాత వచ్చింది. జొన్న పొలాలు పత్తికి, మొక్కజొన్నకు మారాయి. వరి పొట్టి రకాలయింది, కోత యంత్రం గడ్డిని చిందరవందరగా మడిలోనే వదిలేస్తోంది. దొడ్డిలోకి ముర్రా గేదె, సంకర జాతి ఆవు వచ్చాయి. ఎండు వరిగడ్డితో అవి ప్రాణం నిలుపుకుంటాయే గానీ పాలివ్వలేవు. పచ్చిమేతలో ఉండి ఎండుగడ్డిలో దాదాపు లేకుండా పోయే కెరోటిన్ పాతర గడ్డిలో చాలావరకు మిగులుతుంది. ఇంకో లాభం, లేత జొన్నలో ఉండే నాము పాతర వేస్తే బాగా తగ్గుతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మూడు గేదెలున్న ఇల్లు. ఒక్కోదానికి రోజుకు 20 కిలోల పాతర గడ్డి, వేసవి 100 రోజులు. మొత్తం 6 టన్నులు. తరుగు కలుపుకుని 7 టన్నుల పచ్చిమేత నింపాలి. ఎకరానికి 14, 15 టన్నులిచ్చే మొక్కజొన్న అరెకరం చాలు. గింజ నొక్కితే పాలు పోయి పిండిలా తగిలే దశలో కోయాలి. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, గుప్పెడు పిడికిట్లో గట్టిగా పిండి వదలాలి. నీరు కారితే ఒక పూట ఆరనివ్వాలి. వెంటనే పొడిపొడిగా రాలితే ముదిరిందన్నమాట, కాస్త నీళ్లు చల్లాలి. ఉండ మెల్లగా విచ్చుకుంటే అదే అదను. ఘనపు మీటరుకు సుమారు 550 కిలోలు పడతాయి కాబట్టి 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు, 4.3 మీటర్ల పొడవు గుంత సరిపోతుంది. అడుగు మందం పొరలుగా వేస్తూ, తొక్కుతూ, ఒకటి రెండు రోజుల్లో నింపి, దళసరి పాలిథిన్ కప్పి మట్టి వేస్తే 45 రోజుల్లో తయారు.

చాలామంది సలహాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు నష్టం గుంత తెరిచాకే జరుగుతుంది. రోజుకు 60 కిలోలంటే గుంత ముఖం నుంచి నిలువునా తీసే పొర మూడున్నర సెంటీమీటర్లు. మన వేసవిలో ఆ ముఖం పాడవకుండా ఉండాలంటే రోజుకు 15 సెంటీమీటర్ల దాకా తీయాలి. లేకపోతే గాలి లోపలికి చొచ్చుకుపోయి, ఈస్టులు లేచి పులుపును తినేస్తాయి. ముఖం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. తర్వాత తెల్ల బూజు. బూజు మేత పారేయాలి, కొంచెమే కదా అని మిగతాదాంట్లో కలపకూడదు. గోఫార్ గుంత పెద్ద మందకు సరిపోయే గుంత. దాన్ని మూడు గేదెల ఇంటికి తెస్తే, ఎంత బాగా నింపినా నెల తిరిగేసరికి చెడుతుంది.

ఇందుకు ఒక మార్గం సంచులు. 60 కిలోలు పట్టే గట్టి ప్లాస్టిక్ సంచిలో అణిచి నింపి, గాలి పిండి మూతి బిగిస్తే, తెరిచిన సంచి ఆ రోజే ఖాళీ. వందకు పైగా సంచులు కావాలి, ఎలుక ఒక్క చిల్లు పెట్టినా ఆ సంచి పోతుంది. రెండో మార్గం ఇరుగుపొరుగు. మూడేసి గేదెలున్న నాలుగిళ్లవాళ్లు ఎవరి గుంత వాళ్లు నింపుకుని, తెరవడం మాత్రం ఒక్కొక్కటిగా తెరవాలి. పన్నెండు గేదెలకు రోజుకు 240 కిలోలు, అంటే గుంత ముఖం నుంచి దాదాపు 15 సెంటీమీటర్లు. ఒక్కో గుంత నాలుగు వారాల్లోపే అయిపోతుంది, నాలుగూ కలిసి ఆ వంద రోజులూ వస్తాయి. ఎవరి గుంత ముందు తెరవాలన్నది మాత్రం గుంతలు తవ్వే నాడే, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి.