త్రైమాసిక అమ్మకాల లక్ష్యం

త్రైమాసిక అమ్మకాల లక్ష్యం అంటే రాబోయే మూడు నెలల్లో ఒక అమ్మకాల ప్రతినిధి ఏం సాధించాలో, దాన్ని ఏ లెక్కతో కొలుస్తారో ముందే రాసుకునే ఒప్పందం. ఆ తర్వాత జరిగే పనితీరు మదింపు (అప్రైజల్) పై అధికారి ఇష్టాయిష్టాల మీద కాకుండా ఈ రాత మీద నడవాలన్నది దీని ఉద్దేశం.

చరిత్ర

1884లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థను చేపట్టిన జాన్ ప్యాటర్సన్, ఒక్కో ప్రతినిధికి ఒక ప్రాంతాన్ని, దానికి తగిన కోటాను కేటాయించే పద్ధతికి పేరు తెచ్చాడు. లక్ష్యాలను బట్టే నిర్వహణ సాగాలన్న ఆలోచనను పీటర్ డ్రకర్ 1954లో తన పుస్తకంలో వివరించాడు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జరిగిన అధ్యయనం 1965లో వెలువడింది. విమర్శ వల్ల పనితీరు మెరుగుపడదని, నిర్దిష్టమైన లక్ష్యాల వల్ల మెరుగుపడుతుందని అది తేల్చింది.

భారతదేశంలో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్నది మందుల రంగంలో. పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో మెడికల్ రిప్రజెంటేటివ్ ‘కార్మికుడు’ కాడని మే అండ్ బేకర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1976 నాటి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వారికి నియామక పత్రాన్ని తప్పనిసరి చేసింది, పారిశ్రామిక వివాదాల చట్టాన్ని కూడా వర్తింపజేసింది. దాంతో పని బాగాలేదన్న మాటకు విచారణలో నిలబడే ఆధారం చూపించాల్సిన అవసరం పెరిగింది.

కొలిచే విధానం

అసలు చిక్కు దేన్ని అమ్మకంగా లెక్కించాలన్న దగ్గరే వస్తుంది. కంపెనీ నుంచి స్టాకిస్టుకు వెళ్లేది ప్రైమరీ, స్టాకిస్టు నుంచి మందుల షాపులకు వెళ్లేది సెకండరీ. ఉదాహరణకు విద్యానగర్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ కలిపి ఒక ప్రతినిధి ప్రాంతమనుకుందాం. ఏప్రిల్–జూన్ లక్ష్యం 5,000 స్ట్రిప్పులు. స్టాకిస్టు దగ్గర మొదట 2,000 ఉన్నాయి, కంపెనీ 6,000 పంపింది, గడువు తీరిన 200 వెనక్కి వెళ్లాయి, చివరికి 3,500 మిగిలాయి. ప్రైమరీ లెక్కన సాధన 120 శాతం. కానీ షాపులకు చేరినవి 4,300 మాత్రమే, అంటే 86 శాతం. ఏ లెక్కో ముందే రాయకపోతే ఒకే మనిషి ఒకరి కంటికి సమర్థుడిగా, మరొకరి కంటికి అసమర్థుడిగా కనిపిస్తాడు.

పరిమితులు

ప్రైమరీని మాత్రమే కొలిస్తే త్రైమాసికం చివరి వారంలో స్టాకిస్టు మీద సరుకు రుద్దడం మొదలవుతుంది. చివరి వారం ప్రైమరీ ఒక్కసారిగా ఎగబాకి, ముగింపు నిల్వ పెరిగి, తర్వాతి త్రైమాసికంలో రిటర్నులు ఎక్కువైతే అది జరిగినట్టే. రూపాయల్లో పెట్టిన లక్ష్యానికి మరో లోపం ఉంది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద ఒక మందు ధర తగ్గితే, అన్ని స్ట్రిప్పులూ అమ్ముడుపోయినా విలువ పడిపోతుంది. అందువల్ల లక్ష్యాన్ని స్ట్రిప్పుల సంఖ్యలో పెట్టి, ధర మార్పు, సరుకు కొరత, ప్రాంతం మార్పు వంటి సందర్భాల్లో దాన్ని ఎలా సవరిస్తారో త్రైమాసికం మొదలయ్యే ముందే రాసుకోవాలి. ఫలితం తెలిశాక చేసే సవరణ ఎంత న్యాయమైనదైనా పక్షపాతమన్న అనుమానానికి తావిస్తుంది.