వాయిస్ సందేశం నుంచి వీడియో కథనం: వరుస మారినా కారణం మారకూడదు

గ్రామాల నుంచి వార్తా విభాగాలకు వచ్చే వాయిస్ సందేశాల్లో మాట్లాడేవారు తమకు గుర్తుకొచ్చిన వరుసలో విషయం చెబుతారు. వీడియో చూసేవారికి మాత్రం ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకపై ఏం కానుంది అనే క్రమంలో అది అందాలి. అందువల్ల వాక్యాల వరుసను మార్చక తప్పదు. అలా మార్చేటప్పుడు చెప్పిన వ్యక్తి ఉద్దేశించని కారణం కథనంలోకి చొరబడే ప్రమాదం ఉంది.

ఒక ధాన్యం కొనుగోలు కేంద్రం నుంచి ఓ తెలంగాణ రైతు ఇలా మాట్లాడి పంపారనుకుందాం: "సార్, మొన్న రాత్రి వాన గట్టిగ కొట్టింది. వడ్లన్నీ తడిసినయి. మా తమ్ముని బిడ్డ పెండ్లి ఉండె, నేను రెండు దినాలు లేను. సెంటర్‌ల పోసి పదకొండు రోజులాయె. తేమ పదహారే వచ్చింది, గోనె సంచులు లేవన్నరు. మిల్లు నుంచి లారీలు వస్తలేవట, పక్కాయన చెప్పిండు. ఇప్పుడు మళ్ల ఎండబోస్తున్న."

ధాన్యంలో తేమ 17 శాతానికి మించకూడదన్నది కొనుగోలు నిబంధన. తొందరలో రాస్తే, "వానకు తడిసి తేమ పెరగడంతో ధాన్యం కొనలేదు" అనే వాక్యం సులువుగా వచ్చేస్తుంది. రైతు చెప్పింది అది కాదు. తేమ పరిమితిలోనే ఉన్నా సంచులు లేక తూకం ఆగిందని, వాన ఆ తర్వాత పడిందని ఆయన మాటల సారం. మొదటి వాక్యం తప్పును ప్రకృతిపైకి నెడుతుంది. రెండోది నిర్వహణను ప్రశ్నిస్తుంది.

ఈ పొరపాటు జరగకుండా ముందుగా సందేశాన్ని ఉన్నది ఉన్నట్టు కాగితంపై పెట్టాలి. ఆపై ప్రతి వాక్యం పక్కన అది ఆయన స్వయంగా చూసిందా, విన్నదా అని గుర్తించాలి. తేమ, సంచులు, వాన ఆయన అనుభవంలోనివి. లారీల మాట పక్కాయన చెప్పింది కనుక, నిర్ధారించుకునే వరకు కథనంలోకి రాకూడదు. పెళ్లి ప్రస్తావన కథనానికి అవసరం లేదు.

తరువాత సంఘటనలను కాలక్రమంలో అమర్చాలి. ఖాళీలు అక్కడే బయటపడతాయి. 11 రోజులు వాన పడేనాటికా, నేటికా? తేమ ఏ రోజున చూశారు? ఈ రెండు ప్రశ్నలకూ రైతుకు ఫోన్ చేసి జవాబు తీసుకోవాలి. 11 రోజులు నేటికేనని, తేమ నాలుగో రోజున చూశారని, వాన తొమ్మిదో రోజు రాత్రి పడిందని ఆయన చెప్పారనుకుంటే, కథనానికి కేంద్రం దొరికినట్టే: తేమ సరిపోయిన తర్వాత కూడా ధాన్యం 5 రోజులు ఆరుబయటే ఉంది.

ఇప్పుడు ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాట ఉండేలా స్క్రిప్టు రాయాలి. ప్రారంభంలో తడిసిన రాశి, తొలగిస్తున్న టార్పాలిన్ కనిపిస్తాయి: "అమ్మకానికి తెచ్చిన ధాన్యం మొన్న రాత్రి వానకు తడిసింది. రైతు దాన్ని మళ్లీ ఆరబోస్తున్నారు." మధ్య భాగంలో తేమ కొలిచే యంత్రం, కేంద్రం ఆవరణ కనిపిస్తాయి: "ధాన్యం ఇక్కడికి చేరి 11 రోజులైంది. నాలుగో రోజున తేమ 16 శాతం వచ్చిందని, సంచులు లేవంటూ తూకం వేయలేదని రైతు చెబుతున్నారు. ఆ తర్వాత 5 రోజులకు వాన పడింది." దీని వెంట రైతు సొంత గొంతులోని రెండు మూడు వాక్యాలను మాండలికం మార్చకుండా వినిపించాలి. ముగింపులో సంచులు ఎప్పుడు వస్తాయి, తడిసిన ధాన్యాన్ని తీసుకుంటారా అన్న ప్రశ్నలకు నిర్వాహకుల జవాబు రావాలి. వారిని సంప్రదించినా స్పందించకపోతే ఆ మాటే చెప్పాలి. ఊహతో కథనాన్ని ముగించకూడదు.

రాసినదాన్ని గడియారం పెట్టుకొని పైకి చదవాలి. నిడివి మించితే విశేషణాలు తీసేయాలి కానీ తేదీలు, "రైతు చెబుతున్నారు" వంటి మాటలు తీయరాదు. అవి పోతే ఆరోపణ వాస్తవంగా మారిపోతుంది.

చివరి పరీక్ష చిన్నది. స్క్రిప్టులో "వల్ల", "దీంతో", "అందుకే" అనే మాటలు ఉన్నచోటల్లా గీత గీయాలి. ఆ సంబంధాన్ని రైతు స్వయంగా చెప్పిన వాక్యం తొలి కాగితంపై కనిపించాలి. కనిపించకపోతే ఆ మాట తీసి, రెండు సంఘటనలను వాటి తేదీలతో విడివిడిగా చెప్పాలి.