చదరంగపు గడులు, చంపకమాల పాదాలు

దర్శికి తూర్పున, పత్తీ మిరపా పండే నల్లరేగడి నేలల మీద, ఇంకొల్లు సమీపాన పావులూరు అనే గ్రామం ఉన్నది. తెలుగులో తొలి గణితకవిగా పేరుపొందిన పావులూరి మల్లన ఇంటిపేరుకు ఈ కమ్మనాటి పావులూరే మూలమని చెబుతారు. ఆయన పదకొండవ శతాబ్దివాడని పలువురు సాహిత్య చరిత్రకారుల మతము. తరువాతి కాలపువాడనేవారూ ఉన్నారు. రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు.

మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక చంపకమాల పద్యం ఉన్నది. చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా రెట్టింపు చేసుకుంటూ పోతే అరువది నాలుగు గడులలోనూ కలిసి ఎంత అవుతుందో ఆ పద్యం చెబుతుంది. సంఖ్యను అంకెలతో గాక మాటలతో చెప్పడం ఆనాటి పద్ధతి. శరము అంటే అయిదు, శశి అంటే ఒకటి, వేదము అంటే నాలుగు, గగనము అంటే సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు వ్రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇది 2⁶⁴ − 1. ఇరవై అంకెలలో ఒక్కటి కూడా తప్పలేదు.

అదే పలక మీద రెట్టింపుకు బదులు మరొక విధంగా లెక్క వేసి చూద్దాము. వర్గాల మొత్తానికి, ఘనాల మొత్తానికి సూత్రాలు మహావీరుని గ్రంథంలోనే ఉన్నవి. గడి సంఖ్య ఎంతో అన్నే గింజలు పెడితే మొత్తం 2,080. గడి సంఖ్య వర్గమన్ని పెడితే 89,440. ఘనమన్ని పెడితే 43,26,400. ఇవి n, n², n³ వంటి బహుపదుల మొత్తాలు. మల్లన సంఖ్య ముందు ఇవి లెక్కలోనికి రావు.

అయితే ఘనంతో ఎందుకు ఆగవలెను? పదవ ఘాతం, అనగా n¹⁰, తీసుకుంటే? పలక సగానికి వచ్చి n = 32 వద్ద చూడండి. 32 అంటే 2⁵ కాబట్టి 32¹⁰ = 2⁵⁰. అక్కడ 2ⁿ విలువ 2³² మాత్రమే. బహుపది 2¹⁸ రెట్లు, అనగా 2,62,144 రెట్లు, ముందున్నది. ఇక్కడ ఆగినవాడు గెలుపు n¹⁰దే అని తీర్పు చెప్పగలడు. కాని చివరి గడి వద్ద 64¹⁰ = 2⁶⁰, రెండవది 2⁶⁴. ఇప్పుడు బహుపదే పదునారు రెట్లు వెనుకబడింది. మధ్యలో ఎక్కడ దాటిందో వెదికితే, n = 58 వరకూ n¹⁰ పెద్దది, n = 59 వద్ద 2ⁿ పెద్దది అని తేలుతుంది.

దీనివలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఎన్ని విలువలు పట్టికగా వ్రాసినా, ఏది చివరకు గెలుస్తుందో పట్టిక చెప్పలేదు. n¹⁰కు బదులు n¹⁰⁰ తీసుకుంటే ఏమవుతుంది? అందుకు నిరూపణ కావలెను. ఆ నిరూపణకు కావలసిన సామగ్రి మన ఛందశ్శాస్త్రంలోనే ఉన్నది.

పద్యపాదంలో ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది. n అక్షరాల పాదానికి ఎన్ని విధాల గురులఘు క్రమాలు సాధ్యమో వరుసగా వ్రాసి చూపడాన్ని ఛందస్సులో ప్రస్తారము అంటారు. (పాఠ్యపుస్తకాలలో ప్రస్తారాలు అనే మాట వస్తువుల క్రమాలకు వాడుతున్నాము, ఇక్కడి అర్థం వేరు.) ప్రతి స్థానానికి రెండు అవకాశాలు కాబట్టి మొత్తం 2ⁿ. చంపకమాల పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. కాబట్టి అన్ని అక్షరాల వృత్తాలు 2²¹, అనగా 20,97,152. వాటిలో చంపకమాల ఒకటి.

ఈ 2ⁿ వృత్తాలలో సరిగా r లఘువులు ఉన్నవి ఎన్ని? ఇది ఛందస్సులో లగక్రియ అనే ప్రశ్న. n స్థానాలలో లఘువులకు r స్థానాలు ఎన్నుకోవడమే గనుక, సమాధానం n(n−1)…(n−r+1) ను 1·2·3…r చేత భాగించగా వచ్చేది. ఈ సూత్రాన్ని మహావీరుడు స్పష్టంగా చెప్పాడు. ఇక నిరూపణ ఇట్లా సాగుతుంది.

k అనేది ఏదైనా ఒక స్థిరసంఖ్య అనుకొందాము. k+1 లఘువులు గల వృత్తాలు మొత్తం వృత్తాలలో ఒక భాగమే. కాబట్టి

2ⁿ ≥ n(n−1)…(n−k) / (k+1)!

లవంలో k+1 కారణాంకాలున్నవి. n ≥ 2k అయినప్పుడు వాటిలో అన్నిటికన్నా చిన్నదైన n−k కూడా n/2 కంటె తక్కువ కాదు. అందుచేత లవం (n/2)ᵏ⁺¹ కంటె తక్కువ కాదు. ఇరువైపులా nᵏ చేత భాగిస్తే

2ⁿ / nᵏ ≥ n / [2ᵏ⁺¹ (k+1)!]

కుడివైపు హారంలో n లేదు. అది ఒక స్థిరసంఖ్య. లవంలో n హద్దు లేకుండా పెరుగుతుంది. కాబట్టి ఎడమవైపు నిష్పత్తి కూడా హద్దు లేకుండా పెరిగి తీరవలెను. k పది అయినా, నూరు అయినా ఫలితం ఇంతే.

ఈ నిరూపణ ఎంత చెబుతుందో, ఎంత చెప్పదో కూడా గ్రహించవలెను. k = 3 అయితే హారం 16 × 24 = 384. అనగా n విలువ 384 దాటితే 2ⁿ తప్పక n³ కంటె పెద్దదని హామీ. నిజానికి 2⁹ = 512, 9³ = 729; 2¹⁰ = 1024, 10³ = 1000. పదవ అడుగులోనే 2ⁿ దాటివేసింది. కాబట్టి నిరూపణ ఇచ్చినది భద్రమైన హద్దే కాని, సరిగా దాటే చోటు కాదు. ఆ చోటు కావలసినప్పుడు మరొక పరీక్ష పెట్టవలెను. n నుంచి n+1కు పోయినప్పుడు 2ⁿ రెట్టింపు అవుతుంది. nᵏ మాత్రం (1 + 1/n)ᵏ రెట్లే అవుతుంది, పైగా ఈ గుణకం n పెరిగేకొద్దీ తగ్గుతుంది. n = 59, k = 10 వద్ద అది 1.2 కంటె తక్కువ. కాబట్టి 59 వద్ద దాటిన 2ⁿ ఇక వెనుకబడదు.

ఇంత వేగమైన రెట్టింపును మించేది ఉన్నదా? ఉన్నది. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో అంకపాశమనే అధ్యాయం ఉన్నది. అందులో ఒక ప్రశ్న: హరికి నాలుగు చేతులు, నాలుగు ఆయుధాలు, చేతులు మార్చి పట్టుకుంటే ఎన్ని రూపాలు? 1·2·3·4 = 24. శివునికి పది చేతులు, పది ఆయుధాలు, అప్పుడు 36,28,800. ఇట్లు 1 నుంచి n వరకు గుణించగా వచ్చేదాన్ని క్రమగుణితము అంటాము, n! అని వ్రాస్తాము.

ఇప్పుడు దీన్ని 10ⁿ తో పోల్చి చూద్దాము. నిష్పత్తిని విడదీసి వ్రాస్తే

n! / 10ⁿ = (1/10)(2/10)(3/10)…(n/10)

మొదటి తొమ్మిది గుణకాలు ఒకటి కంటె చిన్నవి. అందుచేత నిష్పత్తి దిగజారుతూ పోయి, n = 10 వద్ద 0.00036 మాత్రమే ఉంటుంది. క్రమగుణితం పూర్తిగా ఓడిపోయినట్లే కనిపిస్తుంది. కాని పదకొండవ గుణకం 1.1, అక్కడి నుంచి నిష్పత్తి పెరగసాగుతుంది. n = 20 వద్ద అది 0.0243. ఆ తరువాతి గుణకాలు 2.1, 2.2, 2.3, 2.4, 2.5. గుణించుకుంటూ పోతే వరుసగా 0.051, 0.112, 0.258, 0.620, 1.551. ఇరవై అయిదవ అడుగులో క్రమగుణితం దాటివేసింది.

సాధారణ నిరూపణ కూడా ఇదే. 10కి బదులు ఏ స్థిరమైన a తీసుకున్నా, n విలువ 2a చేరేటప్పటికి నిష్పత్తి ఎంత చిన్నదైనా అది సున్న కాదు, ఒక నిర్ణీతమైన ధనసంఖ్య. ఆ తరువాత ప్రతి గుణకమూ 2 కంటె పెద్దది. ఎంత చిన్న ధనసంఖ్య అయినా, చదరంగపు గింజ వలె, మాటిమాటికి రెట్టింపు అయితే ఏ హద్దునైనా దాటుతుంది. కాబట్టి aⁿ కంటె n! చివరకు పెద్దదే.

రెండు నిరూపణలలోనూ k, a స్థిరసంఖ్యలు అన్నది మరువరాదు. a కూడా n తో పాటు పెరుగుతూ పోతే ఫలితం తారుమారవుతుంది. ఉదాహరణకు nⁿ లో n కారణాంకాలూ n లే, n! లోని కారణాంకాలు ఏవీ n ను మించవు. అందుచేత n! ఎన్నడూ nⁿ ను దాటలేదు.

మల్లన సంఖ్యను క్రమగుణితం ఎప్పుడు దాటుతుంది? 20! = 2432902008176640000; ఇది పందొమ్మిది అంకెల సంఖ్య, ఇంకా చిన్నది. 21! = 51090942171709440000; ఇది మల్లన సంఖ్యకు రెండున్నర రెట్లకు పైనే. అనగా చంపకమాల పాదంలో ఉన్నన్ని అక్షరాలు, ఒకదానికొకటి వేరైనవి, తీసుకొని వాటి క్రమాన్ని మార్చుకుంటూ పోతే, ఆ పద్యం చెప్పిన అరువది నాలుగు గడుల మొత్తం కంటె ఎక్కువ క్రమాలు వస్తవి.

ఈ పెరుగుదల చేతికి తెచ్చే చిక్కు ప్రాచీనులకు తెలుసు. కేదారభట్టు వృత్తరత్నాకరంలో అధ్వ అనే లెక్క ఉన్నది: ప్రస్తారమంతా వ్రాయడానికి ఎంత చోటు పట్టునన్నది దాని విషయము. ఒక్కొక్క వరుసకు అంగుళము, వరుసల నడుమ అంగుళము చొప్పున, వృత్తాల సంఖ్యను రెట్టించి ఒకటి తీసివేయవలెను. ఇరవై ఒక్క అక్షరాలకు అది 41,94,303 అంగుళాలు. వ్రేలి వెడల్పు 1.9 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 80 కిలోమీటర్లు. దర్శిలో మొదలైన ప్రస్తారం ఒంగోలు దాటిపోతుంది.

అందుకే చంపకమాల ఎన్నవ వృత్తమో తెలుసుకోవడానికి వారు ప్రస్తారం వ్రాయలేదు. ఉద్దిష్టమనే పద్ధతి కనిపెట్టారు. పాదంలోని అక్షరాలపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టిస్తూ వ్రాసి, లఘువులపై ఉన్నవి మాత్రం కలిపి, ఒకటి చేర్చవలెను. న, జ, భ, జ, జ, జ, ర గణాలకు ఈ విధంగా చేస్తే 7,11,600 వస్తుంది. ఇరవై లక్షలకు పైగా వరుసలు వ్రాయవలసిన పని ఇరవై ఒక్క అడుగులలో ముగిసింది. ఒకటి 2ⁿ తో పెరిగే పని, రెండవది n తో పెరిగే పని. విద్యార్థులు ఉత్పలమాలకు ఇదే లెక్క వేసి చూడవచ్చును, 3,55,799 రావలెను.