సాకేత్‌లో పుట్టిన బిడ్డ ఏ లెక్కలోకి? జనన రేటు, శిశు మరణాల రేటు, ప్రసూతి మరణాల నిష్పత్తి విడదీసి చూడటం ఎలా

ఆంధ్రప్రదేశ్‌లో 2020 శిశు మరణాల రేటు 24. 2018-20 కాలానికి అదే రాష్ట్రంలో ప్రసూతి మరణాల నిష్పత్తి 45. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, శిశువుల కంటే తల్లులే ఎక్కువగా చనిపోతున్నారని రాసే అభ్యర్థులు ప్రతి పరీక్షలోనూ ఉంటారు. అసలు విషయం దానికి పూర్తిగా విరుద్ధం. మొదటి అంకె వెయ్యి సజీవ జననాలకు, రెండోది లక్ష సజీవ జననాలకు. రెండింటినీ ఒకే కొలతలోకి తెస్తే లక్ష మంది బిడ్డలు ప్రాణంతో పుట్టినప్పుడు సుమారు 2,400 మంది శిశువులు, 45 మంది తల్లులు చనిపోతున్నట్టు. తెలంగాణలోనూ పోలిక ఇలాగే ఉంటుంది. అక్కడ ఈ అంకెలు 21, 43.

గ్రూప్స్ పేపర్లలోనూ, నర్సింగ్, కమ్యూనిటీ మెడిసిన్ పరీక్షల్లోనూ వచ్చే లెక్కల్లో కూడికలు, భాగహారాలు కష్టమైనవి కావు. లవంలో ఎవరిని చేర్చాలి, హారంలో ఎవరిని ఉంచాలి, దేనితో గుణించాలి అన్న మూడు నిర్ణయాల దగ్గరే మార్కులు పోతాయి.

మూడు కొలమానాలు

స్థూల జనన రేటు అంటే ఒక ఏడాదిలో ఒక ప్రాంతంలోని ప్రతి వెయ్యి మంది జనాభాకు కలిగిన సజీవ జననాల సంఖ్య. ఇక్కడ హారం అర్ధ సంవత్సరపు జనాభా, అంటే జులై 1 నాటి అంచనా. పురుషులు, వృద్ధులు, పిల్లలు అందరూ అందులో ఉంటారు. అందుకే దాన్ని ‘స్థూల’ అంటారు.

శిశు మరణాల రేటు అంటే ఏడాది నిండకుండా చనిపోయిన శిశువుల సంఖ్యను అదే ఏడాది సజీవ జననాలతో భాగించి వెయ్యితో గుణించగా వచ్చేది. ఇందులో జనాభాకు చోటు లేదు.

ప్రసూతి మరణాల నిష్పత్తికి కూడా హారం సజీవ జననాలే. గుణించాల్సింది మాత్రం లక్షతో. లవంలోకి రావాలంటే ఆ మహిళ గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల లోపు గానీ చనిపోయి ఉండాలి. మరణానికి కారణం గర్భానికి లేదా దాని చికిత్సకు సంబంధించినదై ఉండాలి, లేదా గర్భం వల్ల తీవ్రమైనదై ఉండాలి. ప్రమాదవశాత్తు జరిగిన మరణాలు ఇందులోకి రావు.

ఒక నమూనా లెక్క

దక్షిణ ఢిల్లీలోని సాకేత్ లాంటి ఒక పట్టణ ప్రాంతాన్ని తీసుకుందాం. కింది సంఖ్యలన్నీ సాధన కోసం ఊహించినవే.

జనవరి 1న జనాభా 1,98,000. డిసెంబరు 31న 2,02,000. ఆ ఏడాది అక్కడి నివాసితులకు జరిగిన మొత్తం ప్రసవాల్లో పుట్టిన బిడ్డలు 3,060 మంది. వారిలో 60 మంది మృత శిశువులు. ఏడాది లోపు శిశువుల మరణాలు 66. ఏడాది నిండి అయిదేళ్లు నిండని పిల్లల మరణాలు 15. గర్భిణులు, బాలింతల మరణాలు 4: ఒకరు గర్భవాతంతో, ఒకరు కాన్పు తర్వాత రక్తస్రావంతో, ఒకరు ఏడో నెలలో రోడ్డు ప్రమాదంలో, ఒకరు కాన్పయిన 60వ రోజున చనిపోయారు.

ముందుగా హారాలు తేల్చుకోవాలి. అర్ధ సంవత్సరపు జనాభా రెండు అంకెల సగటు, అంటే 2,00,000. సజీవ జననాలు 3,060లోంచి 60 తీసేస్తే 3,000. ఈ రెండు సంఖ్యలు దొరికితే మిగతాదంతా ఒక్కో వరుసే.

స్థూల జనన రేటు = 3,000 ÷ 2,00,000 × 1,000 = 15

శిశు మరణాల రేటు = 66 ÷ 3,000 × 1,000 = 22

ప్రసూతి మరణాల నిష్పత్తి = 2 ÷ 3,000 × 1,00,000 = 66.7

మూడో లెక్కలో లవం 4 కాదు, 2. రోడ్డు ప్రమాదానికి గర్భంతో సంబంధం లేదు. 60వ రోజు మరణం 42 రోజుల గడువు దాటింది. కారణం ప్రసవానికి సంబంధించినదైతే దాన్ని ‘ఆలస్య ప్రసూతి మరణం’గా విడిగా నమోదు చేస్తారు కానీ ఈ నిష్పత్తిలో కలపరు. నలుగురినీ కలిపిన అభ్యర్థికి 133.3 వస్తుంది. ప్రశ్నపత్రంలోని నాలుగు ఎంపికల్లో ఆ అంకె తప్పక కనిపిస్తుంది. అలాగే 15 మంది పెద్ద పిల్లలను కలిపితే శిశు మరణాల రేటు 27 అవుతుంది. మృత శిశువులను లవంలో వదిలేస్తే జనన రేటు 15.3 అవుతుంది.

ఒక్క ఊపిరి తేడా

మృత శిశువు, సజీవ శిశువు మధ్య గీత ఎక్కడ గీస్తారో తెలియకపోతే పై లెక్క యాంత్రికంగా మిగిలిపోతుంది. తల్లి నుంచి వేరుపడ్డాక బిడ్డ ఒక్కసారి ఊపిరి తీసినా, గుండె కొట్టుకున్నా, కండరం కదిలినా అది సజీవ జననమే. గర్భం ఎన్ని వారాలదన్నది ఇక్కడ చూడరు. కొన్ని నిమిషాల్లోనే ఆ బిడ్డ చనిపోతే ఒకే సంఘటన రెండు చోట్ల నమోదు కావాలి. సజీవ జననాల్లో ఒకటి, శిశు మరణాల్లో ఒకటి.

క్షేత్రస్థాయిలో ఇలాంటి బిడ్డను మృత శిశువుగా రాసేయడం జరుగుతుంటుంది. పై ఉదాహరణలో పది మందిని అలా రాశారనుకుంటే సజీవ జననాలు 2,990కి, శిశు మరణాలు 56కి తగ్గుతాయి. జనన రేటు 15 నుంచి 14.95కి మాత్రమే దిగుతుంది, ఎవరి కంటా పడదు. శిశు మరణాల రేటు మాత్రం 22 నుంచి 18.7కి పడిపోతుంది. ఒక్క ప్రాణమూ అదనంగా నిలవకుండానే పరిస్థితి మెరుగుపడినట్టు కనిపిస్తుంది. శిశు మరణాలు తగ్గుతూ అదే సమయంలో మృత శిశు జననాలు పెరుగుతున్న ప్రాంతం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ నమోదునే.

సాకేత్ అసలు చిక్కు

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. తల్లి ఎక్కడ నివసిస్తుందన్నది నమోదు స్థలాన్ని నిర్ణయించదు. సాకేత్‌లో పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. పక్కనున్న ఖిడ్కీ, హౌజ్ రాణీల నుంచే కాక దూరప్రాంతాల నుంచి కూడా కాన్పులకు వస్తారు. తెలుగు ఇళ్లలో దీనికి తిరగేసిన ఉదాహరణ అందరికీ తెలుసు. ఢిల్లీలో కాపురముంటున్న అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తుంది. బిడ్డ జనన ధ్రువపత్రం గుంటూరులోనో, వరంగల్‌లోనో వస్తుంది.

మన నమూనా ప్రాంతంలోని ఆసుపత్రుల్లో ఆ ఏడాది 9,000 సజీవ జననాలు నమోదయ్యాయని, వాటిలో స్థానిక నివాసితులవి 2,600 మాత్రమేనని అనుకుందాం. మరో 400 మంది స్థానిక తల్లుల బిడ్డలు బయట పుట్టారు. ప్రాంతపు జనన రేటుకు కావాల్సింది 2,600, 400 కలిపి 3,000. ఆసుపత్రి రిజిస్టరు అంకెను నేరుగా వాడితే 9,000 ÷ 2,00,000 × 1,000 = 45 వస్తుంది. 2020లో దేశం మొత్తానికి స్థూల జనన రేటు 19.5, ఢిల్లీకి 14.2 ఉన్నప్పుడు ఒక్క కాలనీలో 45 రావడమే తప్పును పట్టిస్తుంది. లవంలోని జనం, హారంలోని జనం ఒకటి కాలేదు.

శిశు, ప్రసూతి మరణాల దగ్గర ఈ తప్పు ఇంత తేలిగ్గా బయటపడదు. అక్కడ లవం, హారం రెండూ ఆసుపత్రివే కావచ్చు, అంకె నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కానీ పెద్ద ఆసుపత్రులకు బయటి నుంచి పంపేది పరిస్థితి విషమించిన గర్భిణులను. కాబట్టి ఆ అంకె ఆసుపత్రికి చేరిన ముప్పును చెబుతుంది కానీ ఆ పేటలో బతికే తల్లుల ముప్పును చెప్పదు.

ఈ చిక్కును తప్పించడానికే జాతీయ అంకెలను నమూనా నమోదు వ్యవస్థ, అంటే ఎస్‌ఆర్‌ఎస్ ద్వారా తీసుకుంటారు. ఎంపిక చేసిన గ్రామాలు, పట్టణ బ్లాకుల్లో ఒక ఎన్యూమరేటర్ జననాలు, మరణాలను ఎప్పటికప్పుడు రాస్తారు. ఆర్నెల్లకోసారి మరొకరు విడిగా సర్వే చేస్తారు. రెండు జాబితాలనూ సరిపోల్చి, తేడా వచ్చిన చోట మళ్లీ విచారిస్తారు. అక్కడ లెక్కించేది మామూలుగా అక్కడే నివసించేవారి జననాలు, మరణాలనే.

నిష్పత్తి అని ఎందుకన్నారు?

ప్రసవంలో ముప్పు ఎదుర్కొనేది గర్భిణి. హారంలో ఉన్నది మాత్రం ప్రాణంతో పుట్టిన బిడ్డ. కవలలు పుడితే ఒక తల్లికి హారంలో రెండు చేరతాయి. గర్భస్రావమైన తల్లి, మృత శిశువును కన్న తల్లి హారంలో కనిపించరు. వారిలో ఎవరైనా మరణిస్తే మాత్రం లవంలోకి వస్తారు. లవం హారంలో భాగం కాదు కాబట్టే దీన్ని నిష్పత్తి అంటారు. ‘ప్రసూతి మరణాల రేటు’ మరో కొలమానం. దాని హారం 15-49 ఏళ్ల మహిళలు. మన ప్రాంతంలో వారు 55,000 మంది అనుకుంటే 2 ÷ 55,000 × 1,00,000 = 3.6. ప్రశ్నలో ‘రేటు’ అని ఉందా, ‘నిష్పత్తి’ అని ఉందా చూడకపోతే 66.7కి, 3.6కి మధ్య జారిపోతారు. ప్రశ్నలో 15-49 ఏళ్ల మహిళల సంఖ్య ఇచ్చారంటే ఈ మాటను మరోసారి చదవాల్సిందే.

మన 66.7 మీద కూడా ఎక్కువ బరువు మోపకూడదు. మరొక్క తల్లి చనిపోయి ఉంటే అది 100 అయ్యేది, ఒకరు తగ్గితే 33.3. ఇంత చిన్న జనాభాలో ఏడాదికేడాది మార్పును బట్టి తీర్పు చెప్పలేం. ఎస్‌ఆర్‌ఎస్ ప్రసూతి మరణాల అంకెను మూడేళ్లు కలిపి ఇవ్వడానికి కారణం ఇదే. దేశానికి 2018-20లో అది 97. అదే నివేదికలో ఢిల్లీకి విడిగా అంకె లేదు, ‘ఇతర రాష్ట్రాలు’ కిందే కలిపేశారు.

తిరగేసి అడిగితే

కొన్ని ప్రశ్నలు రేట్లు ఇచ్చి మరణాలను అడుగుతాయి. జనాభా 5 లక్షలు, జనన రేటు 20, శిశు మరణాల రేటు 30, ప్రసూతి మరణాల నిష్పత్తి 90. ఇక్కడ తాళంచెవి సజీవ జననాలే. 5,00,000 × 20 ÷ 1,000 = 10,000. దాన్నుంచి శిశు మరణాలు 10,000 × 30 ÷ 1,000 = 300. ప్రసూతి మరణాలు 10,000 × 90 ÷ 1,00,000 = 9. శిశు మరణాల రేటును నేరుగా జనాభాతో గుణిస్తే 15,000 వస్తుంది. మొత్తం పుట్టినవారే 10,000 మంది అయినప్పుడు అది అసాధ్యమని కాగితం మీదే తెలిసిపోతుంది.